బీడీఎల్ అంటే ఎంత?

బోరు నీళ్లు పరీక్షకు ఇస్తే వచ్చే కాగితం ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఎడమ పక్క పేర్ల వరస: క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, ఆర్సెనిక్, సీసం. కుడి పక్క అంకెలు. సీసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాసార్లు అంకె ఉండదు. ‘బీడీఎల్’ అని ఉంటుంది. గుర్తింపు పరిమితి కన్నా తక్కువ అని దానర్థం. చదివినవాళ్లు ‘అమ్మయ్య, సీసం లేదు’ అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు.

కానీ ఆ కాగితం సీసం లేదని చెప్పడం లేదు. మా యంత్రం పట్టుకోగలిగినంత సీసం ఇందులో లేదు అని మాత్రమే చెబుతోంది. ఆ యంత్రం ఎంత పట్టుకోగలదో పక్కన రాసి ఉంటే ఆ మాటకు అర్థం ఉంటుంది. రాసి లేకపోతే దాన్నిబట్టి మనం తేల్చుకోగలిగింది ఏమీ లేదు. ఈ పరిమితి యంత్రం కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చే పుస్తకంలోంచి ఎత్తిరాసేది కాదు. రెండే రెండు సంగతుల నుంచి ప్రయోగశాల తానే కొలిచి తేల్చుకోవాల్సిన అంకె. ఒకటి, సీసం కలపని నీళ్లు పెట్టినప్పుడు యంత్రం చూపే రీడింగులు ఎంత చెదురుతాయన్నది. రెండోది, సీసం ఒక్క మెట్టు పెరిగితే రీడింగు ఎంత పెరుగుతుందన్నది.

సీసాన్నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. తాగునీటికి మన దేశంలో వర్తించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో సీసం 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంత తక్కువ మోతాదుల్ని అసలు ఎలా పట్టుకుంటారన్న ప్రశ్న అప్పుడు మామూలు జనం నోట కూడా వినిపించింది.

పట్టుకునే పద్ధతులు చాలానే ఉన్నాయి. అందులో గ్రాఫైట్ ఫర్నేసు తీసుకుందాం. వేలెడంత పొడవు కూడా లేని గ్రాఫైట్ గొట్టంలోకి ఒక సన్నటి పిపెట్ కొస నుంచి 20 మైక్రోలీటర్ల నీళ్లు, అంటే ఒక చిన్న బొట్టు కన్నా తక్కువ, జారుతుంది. గొట్టంలోకి కరెంటు పంపి ముందు నూరు డిగ్రీలు దాటించి నీళ్లు ఆరబెడతారు. తర్వాత కొన్ని వందల డిగ్రీల దగ్గర ఆపి, ఉప్పులూ చెత్తా పొగగా పోనిస్తారు. ఆఖర్న ఒక్కసారిగా పదహారు వందల డిగ్రీలు దాటిస్తే మిగిలిన సీసం ఆవిరై, విడి పరమాణువులుగా ఆ గొట్టంలో కొన్ని సెకన్లపాటు తేలుతుంది. సీసంతోనే చేసిన దీపం నుంచి వచ్చే 283.3 నానోమీటర్ల కాంతి ఆ గొట్టం గుండా పోతూ ఉంటుంది. సీసం పరమాణువులు ఆ కాంతిని కొంత మింగేస్తాయి. ఎంత మింగాయన్నది తెర మీద చిన్న గుట్టలా లేస్తుంది. ఆ గుట్ట వైశాల్యమే రీడింగు. యంత్రం దాన్ని 0.0300 లాంటి దశాంశాల్లో చూపిస్తుంది. మన సౌకర్యం కోసం ఆఖరి దశాంశ స్థానాన్ని ఒక పాయింటు అనుకుందాం. అప్పుడు 0.0300 అంటే 300 పాయింట్లు.

ముందు బ్లాంక్ పెట్టాలి. ల్యాబుల్లో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. ఇది ఉత్త శుద్ధజలం కాదు. అసలు నమూనా ఏయే దారుల్లో వెళుతుందో ఆ దారులన్నీ తొక్కిన శుద్ధజలం. నమూనా పోసిన రకం సీసాలోనే పోసి, అదే నైట్రిక్ ఆమ్లం అంతే వేసి, అదే వడపోత కాగితం గుండా పంపి, అదే పిపెట్‌తో తీసి గొట్టంలో వేయాలి. తేడా ఒక్కటే, ఇందులో పరీక్షించాల్సిన నీరు ఉండదు. ఇలాంటివి పది పెడితే వచ్చిన రీడింగులు, పాయింట్లలో, ఇలా ఉన్నాయనుకుందాం: 21, 15, 24, 18, 12, 20, 27, 17, 23, 13.

సున్నా ఒక్కటీ రాలేదు. సగటు 19. ఆ 19 పాయింట్లు ఎక్కడివి? కొంత నైట్రిక్ ఆమ్లంలో ఉన్న సీసం, కొంత సీసా గోడల నుంచి వదిలింది, కొంత గదిలోని దుమ్ము. ఇది స్థిరంగా ఉంటే పేచీ లేదు. ప్రతి రీడింగులోంచీ 19 తీసేస్తే సరిపోతుంది. పేచీ అంతా అది స్థిరంగా ఉండకపోవడంతోనే. ఒకసారి 12, ఒకసారి 27. దీపం వెలుగు సన్నగా వణుకుతుంది. పిపెట్ కొస గొట్టంలో ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట బొట్టు వదలదు. దుమ్ము రేణువు ఒక సీసాలో పడుతుంది, పక్కదాంట్లో పడదు. ఈ చెదురును కొలిచే పాత పద్ధతి ప్రామాణిక విచలనం. ప్రతి రీడింగూ సగటుకు ఎంత దూరమో చూసి, ఆ దూరాల్ని వర్గం చేసి, అన్నీ కూడాలి. ఇక్కడ ఆ మొత్తం 216. రీడింగులు పది కాబట్టి ఒకటి తగ్గించి 9తో భాగిస్తే 24. దాని వర్గమూలం 4.9. అయిదు అనుకుందాం.

ఇక రెండో సంగతి. సీసం ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణాలు, అంటే స్టాండర్డులు, పెట్టాలి. లీటరుకు 2 మైక్రోగ్రాములున్నది పెడితే బ్లాంక్ తీసేశాక 60 పాయింట్లు వచ్చింది. 5కు 150. 10కి 301. 20కి 598. వీటిని గ్రాఫు కాగితం మీద పెడితే తిన్నటి గీత వస్తుంది. ఆ గీత వాలు, ఒక మైక్రోగ్రాముకు 30 పాయింట్లు.

ఇప్పుడు లెక్క ఒక్క ముక్కలో తేలిపోతుంది. బ్లాంక్ చెదురుకు మూడు రెట్లు తీసుకుని వాలుతో భాగించాలి. మూడైదులు పదిహేను, పదిహేనును ముప్పైతో భాగిస్తే 0.5. ఈ ప్రయోగశాలలో, ఈ పద్ధతిలో సీసం గుర్తింపు పరిమితి లీటరుకు అర మైక్రోగ్రాము. నీటి ప్రమాణం 10 కాబట్టి ఈ పనికి ఈ యంత్రం దివ్యంగా సరిపోతుంది.

అదే సీసాన్ని ఫర్నేసులో కాకుండా మామూలు మంటలో కొలిచే పాత రకం యంత్రంతో చూస్తే? మంటలో సీసం పరమాణువులు రెప్పపాటులో కొట్టుకుపోతాయి కాబట్టి వాలు ఘోరంగా పడిపోతుంది. మైక్రోగ్రాముకు అర పాయింటు కూడా రాదు, 0.4 అనుకుందాం. మంట రీడింగు నిలకడగానే ఉంటుంది, చెదురు 3 పాయింట్లే అనుకుందాం. ఫర్నేసు కన్నా చెదురు తక్కువే! అయినా మూడు మూళ్లు తొమ్మిదిని 0.4తో భాగిస్తే 22 దాటుతుంది. నీటి ప్రమాణం 10, యంత్రం కంటికి ఆనేది 22. ఈ యంత్రం మీద 15 మైక్రోగ్రాముల సీసమున్న నీళ్లకు కూడా కాగితం మీద నిజాయితీగానే ‘బీడీఎల్’ అని వచ్చేస్తుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. తాగేవాళ్లకు మాత్రం ప్రమాణం దాటిన సీసం లోపలికి పోతుంది.

వాలు పెంచేస్తే సరిపోతుంది కదా, యంత్రంలో సిగ్నల్‌ను హెచ్చించే మీట తిప్పితే చాలు కదా అని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడుగుతుంటారు. సన్నాయి మేళం జోరుగా సాగుతున్న పెళ్లి పందిట్లో ఎవరో గుసగుసగా చెప్పేది వినబడక మైకు పెట్టి సౌండు పెంచితే మేళమూ అంతే పెరుగుతుంది. 30 పాయింట్ల వాలు 60 అయితే 5 పాయింట్ల చెదురు 10 అవుతుంది. మూడు పదులు ముప్పై, బై అరవై, మళ్లీ అదే 0.5. చెదురును పెంచకుండా వాలును పెంచాలి, లేదా వాలును తగ్గించకుండా చెదురును తగ్గించాలి. 20 మైక్రోలీటర్ల బదులు 40 వేస్తే సీసం రెట్టింపు గొట్టంలోకి వస్తుంది, దీపం వణుకు మాత్రం పెరగదు. అక్కడ నిజమైన లాభం ఉంది. అది కూడా కొంతవరకే. బ్లాంక్ చెదురు ఆమ్లంలోని సీసం వల్ల వస్తున్నదైతే అదీ రెట్టింపు అవుతుంది, వేసిన కష్టం వృథా.

ఈ బ్లాంక్ దగ్గర ఎంత కథ ఉందో సీసం విషయంలో క్లెయిర్ ప్యాటర్సన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 1940ల చివర షికాగో విశ్వవిద్యాలయంలో ఆయనకు అప్పజెప్పిన పని, రాళ్లలోని అతి కొద్దిపాటి సీసాన్ని కొలవడం. యురేనియం కాలక్రమంలో సీసంగా మారుతుంది కాబట్టి, సీసాన్ని సరిగ్గా కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. పక్కన జార్జ్ టిల్టన్ యురేనియం కొలుస్తుంటే ఆ అంకెలు బాగానే వచ్చేవి. ప్యాటర్సన్ సీసం అంకెలు మాత్రం ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా, ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి. రాయిలో లేని సీసం గదిలో ఉంది. గోడల రంగులో, పైపుల అతుకుల్లో, ఆమ్లాల్లో, దుమ్ములో, మనిషి చర్మం మీద. ఏళ్ల తరబడి గిన్నెలు ఆమ్లంలో ఉడికించి, నేల తుడిచి, గాలి వడగట్టి ఆయన బ్లాంక్‌ను కిందికి దించాడు. 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని ప్రకటించగలిగాడు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. అంత శుభ్రం చేసినా గదిలోకి సీసం వస్తూనే ఉందంటే అది వస్తున్నదెక్కడ నుంచి? కార్ల పొగ నుంచి. పెట్రోలులో కలిపే సీసం నుంచి. ప్యాటర్సన్ ఆ తర్వాతి జీవితమంతా దాని మీదే పనిచేశాడు. గ్రీన్‌లాండ్ మంచుపొరల్లో, నడిసముద్రపు నీటిలో సీసం కొలిచాడు. అంతకుముందు సముద్రజలంలో సీసం ఇంత అని అచ్చయిన అంకెల్లో చాలావాటిలో సముద్రం కన్నా కొలిచినవాళ్ల సీసాల, ఓడల, గదుల సీసమే ఎక్కువని తేలింది. వాళ్లెవరూ మోసగాళ్లు కారు. బ్లాంక్‌ను నమూనా నడిచిన దారిలో నడిపించకపోవడమే వాళ్ల తప్పు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది. అంతకు ముందు ఏ ఊరి నడిబొడ్డునైనా సీసం కొలిచే ప్రయోగశాల కిటికీ తెరిచి ఉంచిందంటే బ్లాంకుల గతి ఊహించుకోవచ్చు.

మళ్లీ మన పది రీడింగుల దగ్గరికి వద్దాం. మూడు రెట్లే ఎందుకు? రెండెందుకు కాదు, అయిదెందుకు కాదు? జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిష్ కైజర్ వాదించి నిలబెట్టిన సంఖ్య ఇది. రసాయన శాస్త్ర సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఐయూపాక్ 1970లలో దాన్నే స్వీకరించింది. బ్లాంక్ రీడింగులు మామూలు గంట ఆకారంలో చెదిరితే, సగటు మీద మూడు చెదురులు దాటి బ్లాంక్ ఎగరడం ఏడు వందల సార్లకు ఒక్కసారి కూడా జరగదు. మన లెక్కలో ఆ గీత 19కి 15 కలిపితే 34 పాయింట్ల దగ్గర ఉంటుంది. రీడింగు 34 దాటిందంటే ‘ఇది బ్లాంక్ కాదు, ఇందులో సీసం ఉంది’ అని ధైర్యంగా అనొచ్చు. లేనిదాన్ని ఉందనే తప్పు దాదాపు జరగదు.

కానీ ఉన్నదాన్ని లేదనే తప్పు సంగతి? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక నీటిలో సీసం సరిగ్గా 0.5 ఉందనుకోండి. అది ఇవ్వాల్సిన రీడింగు 19కి 15 కలిపి 34. అయితే దానికీ అయిదు పాయింట్ల చెదురు ఉంటుంది కదా. ఒకసారి 30 వస్తుంది, ఒకసారి 38. సగం సార్లు 34 గీతకు పైన, సగం సార్లు కింద. అంటే గుర్తింపు పరిమితి 0.5 అని గొప్పగా చెప్పుకున్న ప్రయోగశాల, సరిగ్గా 0.5 సీసమున్న నీళ్లను రెండు సార్లకు ఒకసారి ‘బీడీఎల్’ అని పంపించేస్తుంది. బొమ్మా బొరుసూ వేసినట్టే.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన లాయిడ్ క్యూరీ 1968లో రాసిన వ్యాసంలో ఈ చిక్కును విప్పాడు. అప్పటికి వాడుకలో ఉన్న రకరకాల నిర్వచనాల్ని ఒకే రేడియోధార్మిక కొలతకు వర్తింపజేస్తే గుర్తింపు పరిమితులు దాదాపు వెయ్యి రెట్ల తేడాతో వచ్చాయని ఆయన చూపించాడు. ఒకే పేరు పెట్టి జనం వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. వాటిని విడదీయాలన్నాడాయన. మొదటి ప్రశ్న, కొలిచిన తర్వాత అడిగేది: ఈ రీడింగు బ్లాంక్ నుంచి వచ్చిందా కాదా? దీనికి ఒక నిర్ణయ గీత కావాలి. రెండో ప్రశ్న, కొలవకముందు అడిగేది: నీటిలో కనీసం ఎంత ఉంటే నేను దాన్ని తప్పిపోనివ్వను? దీనికి జవాబు ఆ గీత మీద కాదు, గీతకు ఇంకాస్త పైన ఉంటుంది.

మన అంకెలతో చూద్దాం. రెండు రకాల తప్పులూ నూటికి అయిదు వరకు పరవాలేదనుకుంటే, నిర్ణయ గీతను బ్లాంక్ సగటు మీద 1.645 చెదురుల దగ్గర గీయాలి. అంటే 8 పాయింట్లు పైన. ఆ గీతను నూటికి తొంభై అయిదు సార్లు దాటాలంటే అసలు సీసం దానికి రెట్టింపు, 16 పాయింట్ల పైచిలుకు ఇచ్చేంత ఉండాలి. 30తో భాగిస్తే 0.55. ఐయూపాక్ మూడు రెట్ల లెక్కలో వచ్చిన 0.5కు ఇది పక్కనే ఉంది. కాబట్టి పాత అంకెను పారేయక్కర్లేదు. అయితే ఆ 0.5ను గీతగానూ వాడి, హామీగానూ వాడితేనే తప్పు. గీతను 34 దగ్గరే ఉంచి, అంతే గట్టిగా ఏదీ తప్పిపోకూడదని కూడా పట్టుబడితే సీసం 0.5 కాదు, 1.0 ఉండాలి. ఇది కాక, ‘ఎంత ఉంది’ అన్నదానికి ఓ మోస్తరు నమ్మకమైన అంకె చెప్పాలంటే పది చెదురుల దూరం అడుగుతారు. మన లెక్కలో అది 1.7. అర మైక్రోగ్రాముకూ ఆ 1.7కూ మధ్యలో యంత్రం ‘ఉంది’ అని చెప్పగలదు, ‘ఇంత’ అని గట్టిగా చెప్పలేదు.

ఈ 0.5 అన్నది కూడా రాయి మీద చెక్కిన అంకె కాదు. పది బ్లాంకుల నుంచి తేల్చిన చెదురు అది. రేపు మరో పది పెడితే 4 రావచ్చు, 7 రావచ్చు. గణితం ప్రకారం పది రీడింగుల నుంచి 5 వచ్చిందంటే అసలు చెదురు ఇంచుమించు మూడున్నర నుంచి తొమ్మిది దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే గుర్తింపు పరిమితి 0.34 నుంచి 0.9 వరకు. అలాంటప్పుడు నివేదికలో 0.487 అని మూడు దశాంశాలు అచ్చేయడం చూస్తే నవ్వొస్తుంది.

ఇక పొరపాట్లు ఎక్కడ దొర్లుతాయంటే, మన నేలకు సంబంధించినంతవరకు పెద్దది ఉప్పు. పైన వాలును స్టాండర్డులతో తేల్చాం. స్టాండర్డు అంటే శుద్ధజలంలో కలిపిన సీసం. నల్గొండ వైపో, ప్రకాశం వైపో ఉప్పుదేలిన బోరు నీళ్లు శుద్ధజలం కాదు. క్లోరైడు ఎక్కువగా ఉంటే సీసం దానితో జతకట్టి సీసపు క్లోరైడుగా మారుతుంది. అది తొందరగా ఆవిరయ్యే రకం. చెత్త పొగగా పోవాల్సిన దశలోనే సీసం కూడా దాంతోపాటు గొట్టం దాటి పోతుంది. కాంతిని మింగాల్సిన వేళకు అక్కడ మిగిలేది తక్కువ. అంటే ఆ నీటిలో వాలు 30 కాదు.

దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. అదే బోరు నీటిలో తెలిసినంత సీసం, లీటరుకు 5 మైక్రోగ్రాములు, చేత్తో కలిపి మళ్లీ కొలవాలి. రీడింగు 150 పాయింట్లు పెరగాలి. 90 మాత్రమే పెరిగిందనుకుందాం. నూటికి అరవయ్యే తిరిగొచ్చింది. ఈ నీటిలో అసలు వాలు 18. ముందు ఆ నీటికి 100 పాయింట్ల రీడింగు వచ్చిందనుకుంటే, బ్లాంక్ పోను 81. శుద్ధజలపు వాలుతో భాగిస్తే 2.7 మైక్రోగ్రాములు. నిజమైన వాలుతో భాగిస్తే 4.5. పరిమితి కూడా 0.5 దగ్గర ఆగదు. పైగా ఉప్పు పొగ కాంతికి అడ్డం పడి చెదురును కూడా పెంచుతుంది. అది 9 అయితే, మూడు తొమ్ముదులు ఇరవై ఏడు బై పద్దెనిమిది, పరిమితి 1.5 అవుతుంది. కాగితం మీద మాత్రం శుద్ధజలంతో తేల్చిన 0.5 అచ్చవుతూ ఉంటుంది. ఫర్నేసులో బొట్టుతోపాటు పలాడియం, మెగ్నీషియం నైట్రేటు కలిపి వేసేది ఇందుకే. అవి సీసాన్ని గట్టిగా పట్టి ఉంచి, ఉప్పు ముందుగా పోయేదాకా పోనివ్వవు. అయినా కలిపి చూసుకోవడం మానకూడదు. గొట్టం కూడా కొన్ని వందల కాల్పులయ్యేసరికి అరిగి, వాలు మెల్లగా జారిపోతుంది.

ఉప్పు ఎక్కువైందని నీళ్లు అయిదు రెట్లు పలుచన చేస్తే రీడింగు చక్కగా వస్తుంది. చాలామంది చేసేదీ అదే. పలుచన చేసిన నీటిలో 0.5 పట్టుకుంటున్నామంటే అసలు నీటిలో 2.5 పట్టుకుంటున్నట్టు. ఆ అయిదుతో గుణించడం నివేదిక దగ్గరికి వచ్చేసరికి మరుగున పడిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

బ్లాంకుల దగ్గర జరిగే మాయ వేరే రకం. మామూలుగా ఒక పొద్దుటిపూట, యంత్రం బాగా వేడెక్కాక, కొత్త గొట్టం వేసి, ఒకే సీసాలోంచి పది బొట్లు వరసగా తీసి కొలిస్తే చెదురు ముచ్చటగా చిన్నగా వస్తుంది. అది ఆ పూట యంత్రం చెదురు. పద్ధతి చెదురు కాదు. రేపటి ఆమ్లం సీసా వేరు, ఎల్లుండి పనిచేసే మనిషి వేరు. అమెరికా పర్యావరణ సంస్థ తన పద్ధతిని 2017లో సవరించినప్పుడు, కొలతలు కనీసం మూడు వేర్వేరు రోజుల్లో జరగాలనీ, బ్లాంకుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలనీ పెట్టింది. అంతకుముందు కొద్దిగా సీసం కలిపిన నమూనాలు ఏడు పెట్టి, వాటి చెదురును 3.14తో గుణించి సరిపెట్టుకోవడానికి వీలుండేది.

వీటన్నిటికన్నా వింతైనది సున్నాల సంగతి. కొన్ని యంత్రాల సాఫ్ట్‌వేర్ మైనస్ రీడింగు వస్తే దాన్ని 0.00గా చూపిస్తుంది. సగటు తీసేశాక బ్లాంకుల్లో సగం మైనస్‌లోనే ఉండాలి, అందులో తప్పేమీ లేదు. వాటన్నిటినీ సున్నా చేస్తే చెదురు కృత్రిమంగా తగ్గిపోతుంది. ఇంకొందరు రెండు దశాంశాలకు కుదించి పదీ 0.00 అని రాసుకుంటారు. అప్పుడు చెదురు సున్నా, మూడు సున్నాలు సున్నా, గుర్తింపు పరిమితి కూడా సున్నా. ఒక్క పరమాణువునైనా పట్టేసే యంత్రమన్నమాట! పది బ్లాంకులూ ఒకేలా కనబడితే సంతోషించక్కర్లేదు. ముడి రీడింగులు ఎక్కడో దాక్కున్నాయని అర్థం.

పది బ్లాంకుల్లో తొమ్మిది ఇరవై చుట్టూ ఉండి ఒకటి 62 వచ్చిందనుకోండి. చెయ్యి తగిలిందనో, సీసా సరిగా కడగలేదనో కారణం దొరికితే, ఆ కారణం రిజిస్టరులో రాసి దాన్ని పక్కన పెట్టొచ్చు. కారణం దొరక్కపోతే? అంకె బాగా కనబడాలని దాన్ని కొట్టేయాలనిపిస్తుంది. కానీ పదింటిలో ఒక బ్లాంక్‌కు అలా జరిగితే, పదింటిలో ఒక నమూనాకు కూడా జరుగుతుంది. ఆ నమూనా ఎవరి బోరు నుంచి వచ్చిందో వాళ్లకు లేని సీసం అంటగట్టినట్టవుతుంది. నన్నడిగితే ఆ 62ను ఉంచడమే న్యాయం, దానితో పరిమితి ఎంత పెరిగినా సరే.

ఇంతా అయ్యాక, ‘బీడీఎల్’ అన్న మాటతో లెక్కలు ఎలా వేస్తారన్న చిక్కు మిగిలే ఉంటుంది. ఒక బోరును ఏడాదంతా నెలకోసారి పరీక్షించారు. మూడు నెలలు 0.9, 1.1, 1.4 వచ్చాయి, తొమ్మిది నెలలు బీడీఎల్. సగటు ఎంత? బీడీఎల్‌ను సున్నా అనుకుంటే 0.28. పరిమితి అంతా, అంటే 0.5 అనుకుంటే 0.66. నిజం ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది, రెండూ 10కి చాలా దిగువనే కాబట్టి ఇక్కడ ముప్పేమీ లేదు. అదే పన్నెండు నెలలూ మంట యంత్రం మీద చేయించి, పరిమితి 22 ఉంటే? పన్నెండూ బీడీఎల్లే వస్తాయి. సున్నా వేస్తే సగటు సున్నా, నీళ్లు అమృతం. చాలా కార్యాలయాల్లో అలవాటైనట్టు పరిమితిలో సగం వేస్తే సగటు 11, నీళ్లు ప్రమాణం దాటిపోయినట్టు. నీళ్లు అవే. సీసం కొలత ఒక్కటీ లేకుండానే రెండు తీర్పులు వచ్చేశాయి. అందుకే జాగ్రత్తపరులైన విశ్లేషకులు బయటికి ఇచ్చే నివేదికలో ఉత్త ‘బీడీఎల్’ రాయరు, ‘0.5 కన్నా తక్కువ’ అని అంకెతో సహా రాస్తారు. తమ దగ్గరి పుస్తకంలో మాత్రం వచ్చిన రీడింగును, 0.2 అయినా, మైనస్ 0.1 అయినా, ఉన్నదున్నట్టు ఉంచుకుంటారు. పన్నెండు నెలల తర్వాత సగటు తీయాల్సి వస్తే పనికొచ్చేది ఆ పుస్తకంలోని అంకెలే.